మాండమస్సా, సర్షియోరరీయా? ముందు ఆర్డర్ ఉందో లేదో చూడండి

విజయనగరంలో నన్ను కలిసే భూమి కక్షిదారులు ఎక్కువగా అడిగేది ఇదే: "సార్, హైకోర్టులో ఏ రిట్ వేయాలి?" నేను ఎదురు అడిగేది కూడా ఒకటే: "మీ చేతిలో ఆర్డర్ ఉందా?"

బొబ్బిలి వైపు ఒక రైతు ఉన్నాడనుకోండి. తండ్రి పోయాక ఎకరంన్నర తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాడు. ఎనిమిది నెలలైనా తహసీల్దారు అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఇక్కడ కొట్టేయించడానికి ఏమీ లేదు కాబట్టి, చేయాల్సిన పని చేయమని అధికారిని ఆదేశించే మాండమస్ వేయాలి. దరఖాస్తు రసీదు, ఆ తర్వాత రాతపూర్వకంగా గుర్తుచేసి ముద్ర వేయించుకున్న కాపీ చాలా అవసరం. అడగకుండా కోర్టుకెళ్తే "ముందు వాళ్లనే అడగండి" అంటారు. గెలిచినా భూమి మీ పేరుకు మారిపోదు. "పరిశీలించి ఇన్ని వారాల్లో తేల్చండి" అని మాత్రమే చెబుతారు.

ఈలోగా రైతుకు నోటీసు ఇవ్వకుండానే, తండ్రి వీలునామా ఉందన్న రైతు తమ్ముడి పేరుకు తహసీల్దారు ఆ భూమిని మార్చేశాడనుకోండి. ఇప్పుడు ఆర్డర్ ఉంది, కాబట్టి దాన్ని కొట్టేయించే సర్షియోరరీ. పాస్‌బుక్ చట్టం ప్రకారం మార్పు చేసేముందు సంబంధమున్నవాళ్లకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నిజానికి ఆర్డీవో దగ్గర అప్పీలు ఉంది, మామూలుగా అక్కడికే వెళ్లమంటారు. కానీ వాదన వినకుండా ఇచ్చిన ఆర్డరైతే హైకోర్టు నేరుగా చూడవచ్చు. చూసి తీరాలని మాత్రం లేదు. ఫైల్లో నోటీసు అందిన సంతకం లేదంటే ఆర్డర్ కొట్టేసి మళ్లీ విచారించమంటుంది. వీలునామా నిజమా కాదా అన్నది అక్కడ తేలదు, దానికి సివిల్ కోర్టే.

నా మొగ్గు సర్షియోరరీ వైపే. తప్పు కాగితం మీద కనిపిస్తున్నప్పుడు వాదించడానికి పట్టు దొరుకుతుంది. మన హైకోర్టు పిటిషన్లలో ఆర్డర్ కొట్టేయమన్నా "మాండమస్" అనే రాస్తుంటారు. పేరు తప్పిందని కోర్టు పిటిషన్ పడేయదు. అయితే ఆ ఆర్డర్ నంబరు, తేదీ రాసి దాన్ని రద్దు చేయమని అడగడం మరిచిపోతేనే టెన్షన్. ఆర్డర్ అలాగే నిలిచివుండగా "నా పేరు ఎక్కించండి" అంటే లాభం లేదు.

హెబియస్ కార్పస్‌కు భూమితో పని లేదు. మనిషిని అక్రమంగా నిర్బంధిస్తే బంధువైనా స్నేహితుడైనా వేయొచ్చు. మేజిస్ట్రేట్ సరిగ్గా రిమాండ్ చేసి ఉంటే మాత్రం సాధారణంగా నిలవదు, బెయిల్ అడగాలి. పార్వతీపురం కుట్ర కేసులో విశాఖ జైల్లో ఉన్న నక్సలైట్ నాయకుడు కాను సన్యాల్ పిటిషన్‌లో, మనిషిని కోర్టులో హాజరుపరచకుండానే దీన్ని విచారించవచ్చని 1973లో సుప్రీంకోర్టు చెప్పింది.