నిజం చెప్పి నష్టపోయిన సందర్భం: స్కాలర్‌షిప్ వ్యాసానికి ఏ సంఘటన మేలు?

నైతికత మీద ఇచ్చే స్కాలర్‌షిప్‌కు పర్సనల్ స్టేట్‌మెంట్ రాయాలి. నిజాయితీగా ఉన్నందుకు ఏదో ఒకటి పోగొట్టుకున్న సందర్భం చెప్పమంటారు. 500 పదాలు మించకూడదు. ఎలా రాయాలన్నది తర్వాత, ముందు ఏది రాయాలో తేల్చుకోవాలి. ఒక అమ్మాయి దగ్గర రెండు సంఘటనలు ఉన్నాయనుకుందాం.

మొదటిది, పరీక్షలో స్నేహితురాలు చీటీ చూసి రాస్తుంటే టీచరుకు చెప్పేసింది. స్నేహం చెడింది. రెండోది, ఇంకొకరితో కలిసి చేసిన సైన్స్ ప్రాజెక్టు తుది పోటీకి ఎంపికయ్యాక, ఫలితం నిలబడదని తెలిసి గైడ్‌కు చెప్పింది. పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది.

చాలామంది మొదటిదాని వైపే మొగ్గుతారు. అందులో గొడవ ఉంది, కన్నీళ్లు ఉన్నాయి. నేనైతే రెండోదే రాయమంటాను. మొదటిదానిలో అసలు నష్టం ఎవరికి? పరీక్ష పోయింది స్నేహితురాలికి, మాట పడింది స్నేహితురాలు. వ్యాసం రాసే అమ్మాయికి మిగిలింది స్నేహం పోయిన బాధ. అది నిజమైన బాధే. కానీ చదివేవాళ్లకు వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: "ముందు ఆ పిల్లతోనే ఎందుకు మాట్లాడలేదు?" దానికి జవాబు లేకపోతే నిజాయితీ కాస్తా చాడీలా కనిపిస్తుంది. పైగా పేరు రాయకపోయినా, సిఫారసు లేఖ ఇచ్చే టీచరుకు ఆ స్నేహితురాలు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఇంకొకరి తప్పును మన అర్హతగా చూపించుకోవడం నాకు సమ్మతం కాదు.

రెండోదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. రెండు రంగుల దీపాల కింద మొలకలు పెంచారు. ఎరుపు దీపం కింద ఎక్కువ పెరిగాయి. ఎంపిక జాబితా వచ్చాక ట్రేలు సర్దుతుంటే తెలిసింది, ఎరుపు దీపం చుట్టూ వేడి ఎక్కువగా ఉందని. థర్మామీటర్ పెట్టి చూస్తే రెండు ట్రేల మధ్య 4 డిగ్రీల తేడా. మొలకలు పెరిగింది రంగు వల్లో వేడి వల్లో చెప్పే దారి లేదు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. నోరు మెదపకపోతే ఎవరూ అడగరు కూడా.

ఈ కథ బలం ఇక్కడే ఉంది. పట్టుబడతామన్న భయంతో చెప్పింది కాదు. పోయింది ఏమిటో వేలు పెట్టి చూపించవచ్చు: తుది పోటీలో చోటు. దీనిలోనూ ఒక చిక్కుంది, అదే కథకు ప్రాణం. నష్టపోయింది ఆమె ఒక్కతే కాదు, తోటి విద్యార్థి కూడా. "నీ నిజాయితీకి నేనెందుకు మూల్యం కట్టాలి?" అని అతను నిలదీశాడనుకోండి, ఆ మాటను దాచకుండా రాయాలి. గైడ్‌కు చెప్పే ముందు అతనికి చెప్పిందా లేదా అన్నదీ రాయాలి. నైతికత గురించి కమిటీ చూడాలనుకునేది ఆ పెనుగులాటే.

పదాలు పంచుకోవడంలోనూ ఈ కథకే సౌలభ్యం. ప్రాజెక్టు సంగతికి 80 పదాలు చాలు. వేడి తేడా తెలిసినప్పటి నుంచి గైడ్ తలుపు తట్టేదాకా సగం వ్యాసం ఇవ్వవచ్చు. ఎంతసేపు ఆగింది, ఏ సాకు చెప్పుకుంది అన్నవి అక్కడ రావాలి. మొదటి పేరాలో 1797లో తత్వవేత్త కాంట్ అబద్ధం గురించి రాసిన వ్యాసాన్ని తెచ్చిపెట్టడం వృథా, కమిటీకి అది ముందే తెలుసు.

రెండు డ్రాఫ్టుల్లో ఒకే వాక్యం ఎలా మారుతుందో చూడండి. "నిజాయితీ నాకు అన్నిటికంటే ముఖ్యం కాబట్టి నిజం చెప్పాను." ఇది ఎవరైనా రాయగలరు. "జాబితాలో మా పేర్లు చూసుకున్న సాయంత్రమే థర్మామీటర్ చూశాను, మర్నాడు గైడ్ అభినందిస్తుంటే థాంక్యూ అని ఊరుకున్నాను." ఇది ఆమె మాత్రమే రాయగలదు.

ముగింపులో మాత్రం జాగ్రత్త. తర్వాతి ఏడాది మొదటి బహుమతి వచ్చిందని రాస్తే, అది నిజమే అయినా, కట్టిన మూల్యం తిరిగి చేతికొచ్చినట్టు అవుతుంది. పోయింది పోయినట్టే ఉండనివ్వాలి. ఆ తర్వాత ఆమె పని తీరులో మారినది ఒక్కటి చెబితే సరిపోతుంది, ప్రతి ట్రే పక్కన థర్మామీటర్ పెట్టడం లాంటిది.

మొదటి సంఘటనే మేలయ్యే సందర్భమూ ఉంది. ఆమె ముందుగా స్నేహితురాలితో మాట్లాడి, తనంతట తానే చెప్పుకునేందుకు గడువిచ్చి, ఆ తర్వాత ఆ చీటీ గురించి తనకూ తెలుసని ఒప్పుకుని తన మార్కులూ పోగొట్టుకుంటే, స్నేహితురాలు ఇప్పుడు ఆ సంగతి రాయడానికి ఒప్పుకుంటే, అప్పుడు అదే రాయాలి.