సీఎన్‌జీ కారా, పెట్రోల్ కారా? ఏది మేలు?

కారు కొనబోయేవాళ్లు ఈమధ్య అడిగే ప్రశ్న ఒక్కటే. "సీఎన్‌జీ తీసుకోమంటారా, పెట్రోలే నయమా?" మా ఇంట్లో కారు మార్చినప్పుడు ఈ లెక్కలన్నీ వేసుకుని చివరికి సీఎన్‌జీయే తీసుకున్నాం. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను. అయితే ఆ మొగ్గు కంపెనీలోనే సీఎన్‌జీ అమర్చి ఇచ్చిన కారుకే, అదీ సిలిండర్ పరీక్షను వాయిదా వేయని మనిషికే వర్తిస్తుంది. ఎందుకో చెప్పేముందు డబ్బు సంగతి చూద్దాం.

పెట్రోల్‌ను లీటర్లలో, సీఎన్‌జీని కిలోల్లో అమ్ముతారు. ఈ రెండు ధరలనూ పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పుదారి పడతాం. కిలో సీఎన్‌జీలో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదానికి సుమారు ఒకటిన్నర రెట్లు. అందుకే ఒకే ఇంజిన్ లీటరు పెట్రోల్‌తో 17 కిలోమీటర్లు పోతే కిలో గ్యాస్‌తో 25, 26 దాకా పోతుంది. ఇందులో ఇంజిన్ గొప్పతనమేమీ లేదు, కొలత వేరు, అంతే. అంటే మన ఊళ్లో కిలో సీఎన్‌జీ ధర లీటరు పెట్రోల్ ధరకు ఒకటిన్నర రెట్లకు దగ్గరపడితే సీఎన్‌జీతో మిగిలేది ఏమీ ఉండదు. హైదరాబాద్‌లో, విజయవాడలో కిలో ధర ఢిల్లీ కంటే ఎక్కువే. అయినా ఆ గీతకు ఇంకా చాలా కిందే ఉంది.

ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ తీసుకుని లెక్క వేద్దాం. పెట్రోల్ లీటరు 107 రూపాయలు, సీఎన్‌జీ కిలో 96 రూపాయలు అనుకోండి. ఇవాళ మీ ఊళ్లో ధర వేరేగా ఉంటే ఆ అంకె వేసుకోండి. మైలేజీకి కంపెనీ చెప్పే అంకె వద్దు. ఊళ్లో ట్రాఫిక్‌లో నిజంగా వచ్చేది లీటరుకు 17, కిలోకు 26 అనుకుందాం. పెట్రోల్‌తో కిలోమీటరుకు 6 రూపాయల 29 పైసలు, సీఎన్‌జీతో 3 రూపాయల 69 పైసలు పడుతుంది. తేడా 2 రూపాయల 60 పైసలు.

ఇంత తేడా పూర్తిగా చేతికి రాదు. చాలా సీఎన్‌జీ కార్లు స్టార్ట్ అయ్యేది పెట్రోల్‌తోనే, కాస్త వేడెక్కాక గ్యాస్‌కు మారతాయి. పిల్లల్ని బడిలో దింపి రావడం, కూరగాయలు తెచ్చుకోవడం లాంటి చిన్న తిరుగుళ్లలో ఈ పెట్రోల్ ఖర్చు కనబడుతుంది. దానికి కిలోమీటరుకు 20 పైసలు, మూడేళ్లకోసారి చేయించే సిలిండర్ పరీక్షకు మరో 7 పైసలు కలుపుదాం. సీఎన్‌జీ ఖర్చు దాదాపు 4 రూపాయలకు చేరుతుంది, మిగిలేది 2 రూపాయల 30 పైసలు. సీఎన్‌జీ మోడల్‌కు పెట్రోల్ మోడల్ కంటే 90 వేలు ఎక్కువ పెట్టి ఉంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి కారు 39 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగే మనిషికి అది రెండేళ్లకు కాస్త పైన. నెలకు 600 తిరిగే మనిషికి అయిదున్నరేళ్లు. ఈ రెండో మనిషికి నేను పెట్రోల్ కారే చెబుతాను. లోన్ మీద కొంటే అదనపు 90 వేలకు వడ్డీ కూడా పడుతుందని మరచిపోవద్దు.

బంకు ఎక్కడుందనేది కూడా ఇందులో భాగమే. 60 లీటర్ల సిలిండర్‌లో పట్టేది సుమారు 8 కిలోలు. అంటే దాదాపు 200 కిలోమీటర్లకోసారి బంకుకు పోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం నింపితే గ్యాస్ వేడెక్కి ఉంటుంది కాబట్టి మీటరు 200 బార్ చూపించినా లోపల పడేది తక్కువే. బంకులోనే ప్రెషర్ తక్కువగా ఉంటే ఇంకా తక్కువ పడుతుంది. కిలో లెక్కన డబ్బు కడతాం కాబట్టి మోసమేమీ లేదు, కాకపోతే మళ్లీ త్వరగా క్యూలో నిలబడాలి. రోజూ వెళ్లే దారిలో బంకు లేకపోతే ఆ టెన్షన్ రూపాయల్లో కనబడదు గానీ మనసుకు బాగా తెలుస్తుంది.

ఇక పొగ సంగతి. సీఎన్‌జీ అంటే శుభ్రమైన ఇంధనమనే పేరు ఢిల్లీ బస్సుల వల్ల వచ్చింది. 1998లో సుప్రీంకోర్టు ఆదేశంతో అక్కడి బస్సులు సీఎన్‌జీకి మారడం మొదలైంది. అక్కడ పోలిక నల్లపొగ వదిలే పాత డీజిల్‌తో. మన ముందున్న పోలిక 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 పెట్రోల్ కారుతో. తేడా ఉంది, కానీ అంత పెద్దది కాదు. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కిలో సీఎన్‌జీ కాలితే సుమారు 2.75 కిలోలు. పైన అనుకున్న మైలేజీలతో భాగిస్తే పెట్రోల్‌కు కిలోమీటరుకు 135 గ్రాములు, సీఎన్‌జీకి 106 గ్రాములు. అంటే అయిదో వంతుకు కాస్త ఎక్కువ తగ్గుదల. సన్నటి మసి కణాలు కూడా బాగా తక్కువ. నైట్రోజన్ ఆక్సైడ్ల విషయంలో మాత్రం అలా చెప్పలేం. ఢిల్లీ, గురుగ్రామ్ రోడ్ల మీద కదిలే బండ్ల పొగను కొలిచి 2024లో ఐసీసీటీ అనే పరిశోధన సంస్థ ఇచ్చిన నివేదికలో, సీఎన్‌జీ టాక్సీలు, చిన్న సరుకు బండ్లు ల్యాబ్ పరిమితులను చాలా మించిపోయినట్టు తేలింది. ఇంకొకటి, కాలకుండా బయటికి పోయే మీథేన్. వందేళ్ల లెక్కన చూసినా అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి లీకులున్న కారు, ట్యూనింగ్ చెడిన కారు తన మేలును తానే పోగొట్టుకుంటుంది. పర్యావరణం కోసమే సీఎన్‌జీ కొనాలనుకుంటే కారణం ఉంది, కానీ అదొక్కటే సరిపోదు.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది సిలిండర్. మీ వెనక సీటు వెనకాల 200 బార్ ఒత్తిడితో గ్యాస్ ఉంటుంది. కారు టైరులో గాలి ఒత్తిడికి అది సుమారు తొంభై రెట్లు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. నిజానికి గ్యాస్ స్వభావం మనవైపే ఉంది. సీఎన్‌జీ గాలికంటే తేలిక, లీకైతే పైకి పోయి చెదిరిపోతుంది. పెట్రోల్ ఆవిరి, ఎల్‌పీజీ నేలనంటుకుని పేరుకుంటాయి. తనంతట తాను అంటుకోవడానికి సీఎన్‌జీకి పెట్రోల్ కంటే చాలా ఎక్కువ వేడి కావాలి. వాల్వు దగ్గర ఒత్తిడిని వదిలేసే ఏర్పాటు, చేత్తో కట్టేసే నాబ్ ఉంటాయి. ప్రమాదం ఎక్కువగా మొదలయ్యేది ఉక్కు బలహీనపడినచోట. సిలిండర్‌ను బిగించిన పట్టీల కింద తేమ చేరి తుప్పు పడుతుంది. డిక్కీలో సామాను తగిలి గీతలు పడతాయి. వరదలో మునిగిన కారులో ఈ తుప్పు ఇంకా వేగం. పైనుంచి చూస్తే పెయింట్ బాగానే ఉంటుంది, పట్టీ విప్పితేగానీ తెలియదు.

అందుకే మన గ్యాస్ సిలిండర్ల నియమాల ప్రకారం మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే, నాగపూర్ కేంద్రంగా పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో అనుమతి ఉన్న కేంద్రంలోనే చేయించాలి. పద్ధతి ఇది. గ్యాస్ పూర్తిగా ఖాళీ చేసి సిలిండర్‌ను కారు నుంచి విప్పుతారు. వాల్వు తీసి లోపల దీపం పెట్టి చూస్తారు, బయట తుప్పు, సొట్టలు వెతుకుతారు. తూకం వేసి మెడ మీద చెక్కిన అసలు బరువుతో పోలుస్తారు. బరువు తగ్గిందంటే లోహం తిన్నట్టే. తరువాత సిలిండర్‌లో నీళ్లు నింపి, నీళ్ల తొట్టి లాంటి జాకెట్‌లో దింపి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు దాటేదాకా పెంచుతారు. గాలికి బదులు నీళ్లెందుకంటే, నీళ్లు నొక్కుకుపోవు, ఒకవేళ పగిలినా పేలుడులా ఉండదు. ఒత్తిడికి సిలిండర్ కాస్త ఉబ్బుతుంది, ఒత్తిడి తీస్తే తిరిగి యథాస్థితికి రావాలి. మొత్తం ఉబ్బులో పదో వంతుకు మించి అలాగే మిగిలిపోతే ఆ సిలిండర్ పనికిరాదు. దాన్ని వెల్డింగ్ చేసి బాగుచేయడమన్నదే లేదు, తీసి పారేయాల్సిందే. నెగ్గితే ఆరబెట్టి, మెడ మీద కొత్త తేదీ చెక్కి, మళ్లీ బిగించాక కీళ్లన్నీ లీకు చూస్తారు.

ఇంత పని జరగాలంటే కారు కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక రోజు అక్కడే ఉండాలి. పావుగంటలో కాగితం చేతిలో పెట్టారంటే సిలిండర్ విప్పలేదని అర్థం. మాకు తెలిసిన ఒకాయనకు ఇలాగే జరిగింది. ట్యాంకులో సగం గ్యాస్ అలాగే ఉండగా సర్టిఫికెట్ వచ్చింది! కాగితం మీది సీరియల్ నంబరు, సిలిండర్ మెడ మీది నంబరు ఒకటేనా, కొత్త తేదీ లోహంలో చెక్కి ఉందా అని టార్చి వేసి చూసుకోండి. బోల్టుల మీద పాత దుమ్ము కదలకుండా ఉన్నా అనుమానించాలి.

తేదీ దగ్గర చాలామంది పొరబడతారు. మూడేళ్లు లెక్కపెట్టేది కారు రిజిస్ట్రేషన్ నుంచి కాదు, సిలిండర్ మీద ఉన్న పరీక్ష తేదీ నుంచి. తయారైనప్పుడే సిలిండర్‌కు తొలి పరీక్ష జరుగుతుంది, ఆ తరువాత కొన్ని నెలలకు కారు మన చేతికి వస్తుంది. కాబట్టి గడువు మనమనుకున్నదానికంటే ముందే ముగుస్తుంది. కారుకు బిగించిన చిన్న రేకు మీద ఆ తేదీ ఉంటుంది. గడువు దాటితే బంకువాళ్లు గ్యాస్ నింపకుండా పంపేయాలి. నింపేవాడు ఉన్నాడని ఊరుకోవద్దు. గ్యాస్ నింపేటప్పుడు సిలిండర్ మీద ఒత్తిడి పూర్తిస్థాయికి చేరుతుంది. అందరినీ కారు దిగమనేది అందుకే.

పాత పెట్రోల్ కారుకు బయట కిట్ వేయించుకునేవాళ్లకు ఒక మాట. అనుమతి ఉన్న కిట్, ఆర్‌సీలో ఇంధనం మార్పు, ఇన్సూరెన్స్ కంపెనీకి సమాచారం, ఈ మూడూ లేకుండా వద్దు. సెకండ్ హ్యాండ్ సిలిండర్ చౌకగా దొరుకుతుందంటే అసలే వద్దు. ఆటో ఎల్‌పీజీకి బంకులే కరువు. ఎలక్ట్రిక్ వేరే లెక్క, ఇంట్లో ఛార్జింగ్ ఉంటే అప్పుడు చూడొచ్చు.

సెకండ్ హ్యాండ్ సీఎన్‌జీ కారు చూస్తున్నవాళ్లు ఓడోమీటర్ కంటే ముందు డిక్కీ తెరవండి. చివరి పరీక్ష తేదీ, సర్టిఫికెట్ అడగండి. గడువు దగ్గరపడి ఉంటే పరీక్ష అమ్మేవాళ్ల చేతే చేయించమనండి, సిలిండర్ నెగ్గాకే మిగతా డబ్బు ఇవ్వండి. నెగ్గకపోతే కొత్త సిలిండర్ ఖర్చు కారు ధరలోంచి తగ్గించుకోవాలి. అమ్మేవాళ్లు దీనికి ఒప్పుకోకపోతే, నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరిగే మనిషికైనా నేను చెప్పేది ఆ కారు వదిలేయమనే.