సిలబస్ పేరాగ్రాఫా, వారం పట్టికా: పదో తరగతి వర్గ సమీకరణాలకు ఏది మేలు?

పదో తరగతి తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి గణితం వాట్సాప్ గ్రూపులో సిలబస్ పేరాగ్రాఫ్ బదులు మూడు వారాల పట్టిక పెట్టాను. "ఒరిజినల్ సిలబస్ ఏదండీ? ఇందులో అన్నీ ఉన్నాయా, ఏమైనా తగ్గించారా?" అని కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే పేరాను పట్టికగా ఎలా మార్చానో, మార్చడం వల్ల ఏం కలిసొచ్చిందో, ఏం పోయిందో వివరంగా రాస్తున్నాను.

మనది సీబీఎస్‌ఈ సిలబస్. అందులో వర్గ సమీకరణాల అధ్యాయానికి ఉన్నది ఒక చిన్న పేరా. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"వర్గ సమీకరణం ప్రామాణిక రూపం ax² + bx + c = 0, a ≠ 0. కారణాంక విభజన ద్వారా, వర్గ సూత్రం ద్వారా సాధన, వాస్తవ మూలాలకు మాత్రమే. విచక్షణికి, మూలాల స్వభావానికి గల సంబంధం. నిత్యజీవిత సందర్భాలపై సమస్యలు."

దీనికి కేటాయించినవి 15 పీరియడ్లు. పేరాలో తప్పేమీ లేదు, పరీక్ష పేపర్ తయారుచేసేవారికి సరిగ్గా సరిపోతుంది. కానీ మీరు ఇంట్లో కూర్చుని "ఈ వారం మా అమ్మాయికి ఏం వచ్చి ఉండాలి?" అని చూస్తే ఇందులో జవాబు దొరకదు. ఏది ముందో, దేనికి ఎక్కువ టైం పడుతుందో పేరా చెప్పదు. పైగా అన్నిటికన్నా చివర, అన్నిటికన్నా పొట్టిగా ఉన్న వాక్యం చూడండి: "నిత్యజీవిత సందర్భాలపై సమస్యలు". పిల్లలకు అసలు కష్టం అక్కడే. పేరాలో మూడు మాటలున్నది క్లాసులో ఆరు పీరియడ్లు తీసుకుంటుంది. మొదటి వాక్యం ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది.

అందుకని ముందు పేరాలోని ఒక్కో వాక్యం పక్కన "ఇది పూర్తయిందని నాకెలా తెలుస్తుంది?" అని రాసుకున్నాను. ప్రామాణిక రూపం వచ్చిందంటే, x(x + 3) = 10 అని ఇస్తే దాన్ని x² + 3x − 10 = 0 అని మార్చి a, b, c విలువలు గుర్తులతో సహా చెప్పగలగాలి. ఇలా ప్రతి వాక్యానికీ రాసి చూపించగల పని ఒకటి పెట్టాను. "అర్థం చేసుకుంటారు", "అవగాహన పొందుతారు" అనే మాటలు తీసేశాను. అర్థమైందో లేదో నోట్‌బుక్ చూసి మీరు గానీ నేను గానీ పట్టుకోలేం.

తర్వాత పీరియడ్లు పంచాను. మనకు వారానికి గణితం ఆరు పీరియడ్లు. మూడు వారాలకు 18. పాఠానికి 15 పోగా మిగిలిన మూడింటిని వారానికొకటి చొప్పున ఖాళీగా ఉంచాను. వచ్చిన పట్టిక ఇది:

| వారం | క్లాసులో | పీరియడ్లు | శనివారానికి చేయగలగాల్సింది |
|---|---|---|---|
| 1 | ప్రామాణిక రూపం (1), మాటల లెక్కను సమీకరణంగా రాయడం (2), కారణాంక విభజన (2) | 5 + ఖాళీ 1 | x² + 10x − 600 = 0 ను కారణాంకాలుగా విడగొట్టి రెండు మూలాలూ రాయడం |
| 2 | వర్గ సూత్రం (2), విచక్షణి, మూలాల స్వభావం (2), కలగలుపు లెక్కలు (1) | 5 + ఖాళీ 1 | 2x² − 5x − 3 = 0 ను సూత్రంతో సాధించి, మూలాలను సమీకరణంలో పెట్టి సరిచూడటం |
| 3 | మాటల లెక్కలు (4), పునశ్చరణ (1) | 5 + ఖాళీ 1 | ఒక మాటల లెక్కను మొదటినుంచి చివరిదాకా, జవాబు ఎందుకు సరైనదో రాస్తూ చేయడం |

పేరాతో పోల్చి చూస్తే వరుస మారిందని మీకు కనిపిస్తుంది. పేరాలో మాటల లెక్కలు చివర ఉన్నాయి. వాటిని చివరికే వదిలేస్తే, నెలాఖరు హడావుడిలో రెండు లెక్కలు బోర్డు మీద చేసి ముగించాల్సి వస్తుంది. అందుకే రెండు పీరియడ్లు మొదటి వారానికే తెచ్చాను. అప్పుడు సాధించమని అడగను, సమీకరణం రాస్తే చాలు. ఒక ఉదాహరణ చూడండి. గుంటూరు వైపు ఒక రైతు మిరపకాయలు ఎండబెట్టే దీర్ఘచతురస్రాకారపు కళ్లం, పొడవు వెడల్పు కన్నా 10 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 600 చదరపు మీటర్లు. వెడల్పు x అనుకుంటే x(x + 10) = 600, అంటే x² + 10x − 600 = 0. మొదటి వారం మొదట్లో ఇక్కడితో ఆపుతాం. వారం చివర కారణాంకాలు వచ్చాక ఇదే లెక్క ముందుకు సాగుతుంది: (x + 30)(x − 20) = 0, మూలాలు −30, 20.

మూడో వారంలో మళ్లీ ఇదే లెక్క తీస్తాం. అప్పుడు అడిగేది వేరు: −30 ఎందుకు వదిలేశావు? వెడల్పు రుణ సంఖ్య కాదు కాబట్టి అని పిల్లలు ఒక వాక్యం రాయాలి. వెడల్పు 20, పొడవు 30, గుణిస్తే 600 అని సరిచూసి, మీటర్లు అని రాసి ముగించాలి. ఒకే లెక్క మూడు వారాల్లో మూడు దశల్లో రావడం పట్టిక వల్లే కుదిరింది. పేరాలో ఒకదాని తర్వాత ఒకటిగా రాసిన విషయాల మధ్య ఈ దారి కనిపించదు.

రెండో వారంలో సూత్రాన్నీ విచక్షణినీ పక్కపక్కనే పెట్టడానికి కూడా కారణం ఉంది. వర్గ సూత్రం x = (−b ± √(b² − 4ac)) / 2a. ఇందులో వర్గమూలం కింద ఉన్న b² − 4ac నే విచక్షణి. పేరాలో వేరే వాక్యంగా ఉండటంతో కొందరు పిల్లలు దాన్ని వేరే సూత్రమనుకుని విడిగా బట్టీ పడతారు. ఒకే వారంలో చెబితే ఆ ఇబ్బంది ఉండదు.

ఈ వారంలో జరిగే ఒక పొరపాటు మీరు కూడా తెలుసుకుంటే మంచిది. పట్టికలో ఇచ్చిన 2x² − 5x − 3 = 0 తీసుకోండి. a = 2, b = −5, c = −3. b² అంటే (−5)², అంటే 25. 4ac విలువ −24. కాబట్టి విచక్షణి 25 + 24 = 49, వర్గమూలం 7. మూలాలు (5 + 7)/4, (5 − 7)/4, అంటే 3, −1/2. చాలామంది కుండలీకరణం పెట్టకుండా −5² అని రాసి −25 వేస్తారు. అప్పుడు విచక్షణి −1 వస్తుంది. వెంటనే "వాస్తవ మూలాలు లేవు" అని రాసి తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. అలాంటి జవాబు కొన్ని లెక్కల్లో నిజంగానే ఉంటుంది కాబట్టి పిల్లలకు అనుమానం రాదు. మీకు గణితంతో పరిచయం లేకపోయినా దీన్ని పట్టుకోవచ్చు. నోట్‌బుక్‌లో వరసగా రెండు మూడు చోట్ల "వాస్తవ మూలాలు లేవు" అని కనిపిస్తే, b విలువ మైనస్ ఉన్నచోట కుండలీకరణం పెట్టారో లేదో చూడండి. పెట్టకపోతే ఆ పేజీ నాకు పంపండి.

ఇక పట్టికలో పోయిన విషయం. పేరాలో "వాస్తవ మూలాలకు మాత్రమే" అనే మాట ఉంది. సాధనకు కారణాంక విభజన, వర్గ సూత్రం అని రెండే పద్ధతులున్నాయి. ఇవి హద్దులు. పట్టికలో చేయాల్సిన పనులు ఉంటాయి గానీ, చేయనక్కర్లేనివి ఉండవు. పాత గైడ్లలో, అక్కాఅన్నల పాత పుస్తకాల్లో వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి అని ఇంకొకటి కనిపిస్తుంది. "ట్యూషన్‌లో అది చెబుతున్నారు, స్కూల్లో ఎందుకు వదిలేశారు?" అని ఒక తండ్రి అడిగారు. ఇప్పటి పేరాలో ఆ పద్ధతి లేదు, అందుకే పట్టికలో రాలేదు. సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో చూపించడానికి క్లాసులో దాన్ని ఒకసారి చెబుతాను, నేర్చుకుంటే మంచిదే, కానీ టెస్ట్‌లో అడగను. పట్టిక ఒక్కటే చేతికిస్తే ఈ సంగతి మీకు తెలిసే వీలు లేదు. అందుకని ఈ ఉత్తరంలో పేరాను తీసేయకుండా పట్టిక పైన అలాగే ఉంచాను. ఏం చదవాలో, ఎక్కడిదాకా చదవాలో తేల్చుకోవడానికి పేరా, ఎప్పుడు చదవాలో చూసుకోవడానికి పట్టిక.

కొందరు తల్లులు ఇంకో మాట కూడా అన్నారు: "వారానికి కాదు మేడమ్, రోజుకింత అని ఇవ్వండి, మాకు ఈజీగా ఉంటుంది." రోజువారీ పట్టిక కూడా రాసి చూశాను. చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒక్కరోజు సెలవు వస్తే ఆ తర్వాత ఉన్న ప్రతి గడీ తప్పుతుంది. విజయవాడలో వానాకాలం సంగతి మీకు తెలియంది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు నీళ్లలో ఉన్నప్పటిలాంటి పరిస్థితికి ఏ పట్టికా నిలవదు, అప్పుడు చదువు కన్నా ముందు చూసుకోవాల్సినవి వేరే ఉంటాయి. కానీ ఒకరోజు గట్టి వానకో, దసరాల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల దారులు మళ్లించిన రోజు సగం క్లాసు రాకపోవడానికో పట్టిక తట్టుకోవాలి. వారానికి ఉంచిన ఖాళీ పీరియడ్ అందుకే. సెలవు రాకపోతే ఆ పీరియడ్‌లో వెనకబడిన పిల్లలతో విడిగా కూర్చుంటాను. రోజు పట్టికలో ఇంకో ఇబ్బంది, పిల్లలు తేదీ చూసి లెక్క మధ్యలో వదిలేస్తారు. "నిన్నటి టాపిక్ అయిపోయింది కదా" అంటారు. మాటల లెక్క ఒకరోజులో తెగకపోవచ్చు, దానికి వారం గడువే సరైనది.

అయితే ఒక మినహాయింపు. చదువు వాయిదా వేసి శుక్రవారం రాత్రి టెన్షన్ పడే పిల్లలకు వారం గడువు పెద్దదైపోతుంది. అలాంటి పిల్లలు ఎవరో నాకన్నా మీకే బాగా తెలుసు. వాళ్లకు మాత్రం ఇంట్లో వారాన్ని రెండుగా విడగొట్టండి. బుధవారానికి "క్లాసులో" అన్న గడిలోని మొదటి అంశం, శనివారానికి మిగిలినవి. అంతకన్నా చిన్న ముక్కలు వద్దు.

శనివారం సాయంత్రం మీరు చేయాల్సింది చివరి గడిలోని పని పిల్లలతో ఒకసారి కాగితం మీద చేయించడం. పుస్తకం, నోట్‌బుక్ మూసి చేయించండి. లెక్క తప్పినా దిద్దకండి, కాగితాన్ని అలాగే సోమవారం పంపండి. ఎక్కడ ఆగిపోయారో అందులో నాకు కనిపిస్తుంది, దాన్నిబట్టి ఆ వారం ఖాళీ పీరియడ్‌లో ఎవరిని కూర్చోబెట్టుకోవాలో తేల్చుకుంటాను.

ఇట్లు,
గణితం టీచర్, పదో తరగతి