షఫుల్ బ్యాగ్‌తో మూడేళ్లు: వంజరం ఎందుకు పడలేదు?

విశాఖ ఫిషింగ్ హార్బర్ నేపథ్యంగా నేను చేస్తున్న మొబైల్ ఆటలో, వల వేసిన ప్రతిసారీ ఏ చేప పడాలో మూడేళ్లుగా షఫుల్ బ్యాగ్ పద్ధతే నిర్ణయిస్తోంది. అంతకుముందు, వంజరం పడే అవకాశం ఇరవైలో ఒకటిగా పెట్టి, ప్రతి వలకూ విడిగా యాదృచ్ఛిక సంఖ్య తీసేవాణ్ణి. ఆ లెక్కన వరుసగా 60 వలలు వేసినా, ప్రతి వంద మందిలో దాదాపు ఐదుగురికి ఒక్క వంజరమైనా దొరకదు. ఆట మోసం చేస్తోందని వాళ్లు అనుకోవడంలో తప్పు లేదు.

ఇప్పుడు సంచిలో 20 చీటీలు ఉంటాయి: కవళ్లు 10, కానాగడతలు 6, రొయ్యలు 3, వంజరం 1. వాటిని ఫిషర్–యేట్స్ పద్ధతిలో కలిపి, తీసిన చీటీని తిరిగి వేయకుండా ఒక్కొక్కటిగా తీస్తాను. సంచి ఖాళీ అయ్యాకే మళ్లీ నింపుతాను. వంజరం ఒక సంచిలో మొదటి చీటీగా, తర్వాతి సంచిలో చివరి చీటీగా వచ్చినా, మధ్యలో పడే ఇతర చేపలు 38కి మించవు. పాత సంచి చివర, కొత్త సంచి మొదట వంజరమే వస్తే రెండూ వెంటవెంటనే పడతాయి కనుక, నింపేటప్పుడు ఆ మొదటి చీటీని మధ్యలో ఒకదానితో మార్చేస్తాను.

అయినా మొదటి ఏడాదే, గాజువాక నుంచి మద్దిలపాలెం కాలేజీకి బస్సులో వెళ్తూ ఆడే మా అక్క కొడుకు, "మావయ్యా, వారం నుంచి వంజరమే లేదు" అన్నాడు. లాగ్ తెరిస్తే వంజరం లేకుండా 51 వలలు కనిపించాయి. 38 దాటిందంటే అది దురదృష్టం కాదు, కచ్చితంగా కోడ్‌లో తప్పే. వాడు ఒక్కో ప్రయాణంలో ఏడెనిమిది వలలు వేసి ఆట మూసేస్తాడు, నేనేమో సంచిని సేవ్ ఫైల్‌లో దాచలేదు. అందుకే తెరిచిన ప్రతిసారీ కొత్త సంచి మొదలై, వంజరం చీటీ అడుగునే ఉండిపోయేది. మిగిలిన చీటీల వరుసను సేవ్ చేశాక ఆ హద్దు మళ్లీ దాటలేదు.

సంచి పరిమాణం విషయంలోనూ ఒకసారి పొరపడ్డాను. లెక్కపెట్టి ఊహించడం కష్టం కావాలని 40 చీటీలు, రెండు వంజరాలు పెట్టాను. నిష్పత్తి మారలేదు గానీ గరిష్ఠ విరామం 38 నుంచి 76కి పెరిగింది. వెంటనే ఇరవైకి తిరిగి వచ్చాను.

తుఫాను హెచ్చరికకు మాత్రం ఈ పద్ధతి మానేశాను. పది చీటీల్లో ఒకటి తుఫాను అయినప్పుడు, అది ముందే వచ్చేస్తే ఆ సంచి అయ్యేదాకా భయం లేదని ఆటగాళ్లు కనిపెట్టి, పడవలన్నిటినీ నిశ్చింతగా నడిసముద్రంలోకి పంపేవారు. అక్కడ మామూలు యాదృచ్ఛిక సంఖ్యే నయం.