మాక్రో క్లిప్ లెన్స్‌తో రెండేళ్లు: పేనుబంక దగ్గర గెలిచాను, పిండినల్లి దగ్గర దెబ్బతిన్నాను

ఫోన్‌కి తగిలించే ఈ లెన్స్ కొని రెండేళ్లు దాటింది. ధర, ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది లాంటివి అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. మిద్దె మీద నలభై కుండీలున్న నాకు కావాల్సింది ఒక్కటే: ఆకు అడుగున పట్టింది ఏమిటో దీంతో తెలుస్తుందా లేదా?

పేనుబంకకైతే దీన్ని మించింది లేదు. చిక్కుడు తీగ చివర కంటికి నల్లటి మసిలా కనిపించింది, ఫొటోలో ఒక్కో పురుగుగా విడిపోయింది. ఉబ్బిన పొట్ట, వెనకవైపు పొడుచుకొచ్చిన రెండు చిన్న గొట్టాలు. పిండినల్లికి గానీ తెల్లదోమకి గానీ ఆ గొట్టాలుండవు. వాటి మధ్య తెల్లగా, డొల్లగా పడి ఉన్నవి పేనుబంక విడిచిన చర్మాలు. లెన్స్ కొనక ముందు వాటిని చూసి తెల్లదోమ కూడా పట్టిందని టెన్షన్ పడి, పసుపు జిగురు అట్టలు వేలాడదీసేదాన్ని.

ఆ సంబరంలో కొన్న నెలకే మా మొక్కల గ్రూపులో దీన్ని తెగ పొగిడాను. మూడు పురుగుల్నీ ఇట్టే చెప్పేయొచ్చని రాశాను. ఇప్పుడు ఆ మాట సవరించుకోవాలి.

తెల్లదోమ దగ్గర అంత సులువు కాదు. ఫొటోకి లెన్స్‌ని ఆకుకి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి తేవాలి, ఆ లోపే దోమ లేచిపోతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కొంచెం నయం. అసలు తీయాల్సింది ఎగిరే దోమని కాదు, దాని పిల్లల్ని. వంగ ఆకు అడుగున లేతపసుపు రంగులో, బల్లపరుపుగా, కోడిగుడ్డు ఆకారంలో, అతికించినట్టు కదలకుండా ఉంటాయి. దోమ బయటికి వెళ్లిపోయిన డొల్ల మీద ఇంగ్లీషు టీ అక్షరంలా చీలిక కనిపిస్తుంది. ఆ చీలిక దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు.

నాకు నష్టం జరిగింది మాత్రం పిండినల్లి దగ్గరే. నిరుడు మాఘంలో ముద్దమందారం కొమ్మల సందుల్లో తెల్లటి దూది కనిపించింది. ఫొటో తీస్తే అన్నీ మైనపు పొడి పూసుకున్నవే. వాటిలో నాలుగైదు మిగతావాటికంటే రెండు మూడింతలు పెద్దవి, ఒంటినిండా పొడవాటి తెల్ల పోగులు. ముదురు పిండినల్లి అనుకుని, గుడ్లు పెట్టే తల్లులు ఇవేనని ముందు వాటినే దూదితో తీసి సబ్బునీళ్లలో వేశాను. మూడు వారాలకి మొగ్గలన్నీ తెల్లబడి రాలిపోవడం మొదలైంది.

మళ్లీ అలాంటి పెద్దది ఒకటి కనిపించినప్పుడు పక్కింటి పిన్నిగారు నా పక్కనే ఉన్నారు. ఫొటో వైపు కాదు, కొమ్మ వైపే చూసి, "అమ్మాయ్, పిండినల్లి ఎక్కడైనా ఇంత జోరుగా నడుస్తుందా?" అన్నారు. దాన్ని పిండినల్లి పట్టిన కొమ్మతో సహా సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టాను. రెండు వారాలు దాటాక బయటికి వచ్చింది నారింజ రంగు తల, నల్లటి వీపు ఉన్న చిన్న అక్షింతల పురుగు. క్రిప్టోలీమస్. పిండినల్లిని తినే పురుగు, దీన్ని 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. దాని పిల్ల కూడా అచ్చం పిండినల్లిలాగే మైనం కప్పుకుంటుంది. నా చెట్టుని కాపాడుతున్నవాటిని ఏరి ఏరి నేనే చంపాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఒక్క ఫొటోలో ఈ రెండింటికీ తేడా పట్టుకోవడం కష్టం, కాళ్లూ నోరూ మైనం కిందే ఉంటాయి. పిండినల్లికి ఒంటి అంచు చుట్టూ పొట్టి పోగులు దువ్వెన పళ్లలా వరసగా ఉంటాయి. క్రిప్టోలీమస్ పిల్లకి వీపు మీద కూడా పొడవుగా, చిందరవందరగా ఉంటాయి. అది కూడా సరిపోకపోతే కొమ్మని కదపకుండా అర నిమిషం తేడాతో రెండు ఫొటోలు తీస్తాను. ముదురు పిండినల్లి దాదాపు ఉన్నచోటే ఉంటుంది, వేటాడేది జరిగిపోతుంది. అప్పుడే పుట్టిన పిండినల్లి పిల్లలు కూడా తిరుగుతాయి గానీ అవి నలుసంత ఉంటాయి, వాటితో పొరపాటు పడం.

ఇప్పటికీ రోజూ వాడుతున్నాను, పాడైతే మళ్లీ ఇదే కొంటాను. కానీ నాకు పొద్దున్నే గంటసేపు మిద్దె మీద కూర్చునే తీరిక ఉంది. ఎకరాల్లో మిరప వేసిన మా తమ్ముడు అడిగితే కొనమని చెప్పలేదు. వాడికి ఆకు తిప్పి చూసే కన్ను, చేతిలో ఒక భూతద్దం ఉంటే చాలు.