నల్లని మేనిఛాయకు Orange Luminance మేలా, మాస్కుతో కర్వ్ మేలా?

పెళ్లిపందిట్లో తీసిన ఫొటోలో చామనఛాయ దాటిన పెళ్లికూతురి ముఖం నీడలో పడిందనుకుందాం.

ఫొటోలు దిద్దే Lightroomలో నారింజ ఛాయల వెలుగును మార్చే Orange Luminance స్లయిడర్‌ను పెంచడం క్షణాల పని. అయితే నుదుటి మీది మెరుపు చర్మపు రంగు కాదు, దీపపు వెలుగు ప్రతిఫలనం. అందులో నారింజ ఛాయ తక్కువ కనుక ఆ స్లయిడర్ చర్మాన్ని ఎత్తినంతగా మెరుపును ఎత్తదు. రెండింటి మధ్య తేడా తగ్గి, ముఖం పౌడరు అద్దినట్టు బూడిదబారుతుంది. మెడలోని బంగారం కూడా పాలిపోతుంది.

చర్మానికి మాత్రమే మాస్కు వేసి, వెలుగునీడలను దిద్దే కర్వ్ పైభాగాన ఒక బిందువు బిగించి, నడిమి భాగాన్ని కొద్దిగా ఎత్తితే మెరుపు చెదరదు. వెచ్చదనం తగ్గితే ఆ మాస్కులోనే Temp కాస్త పెంచవచ్చు. దీనికి ఫొటోకు కొన్ని నిమిషాలు పడతాయి, జుట్టు అంచున తెల్లటి గీత వస్తుందేమో పెద్దది చేసి చూడాలి. చెంప ఎముక మీది మెరుపు ముందే తెల్లగా కాలిపోయి ఉంటే ఏ పద్ధతీ దాన్ని తిరిగి తేలేదు.

వందల ఫొటోలను ఆ రాత్రికే చూపించాలంటే స్లయిడర్‌ను 5 నుంచి 10 దాటనివ్వకుండా వాడవచ్చు. ఆల్బమ్‌కు ఎక్కే దగ్గరి ముఖచిత్రాలకు మాత్రం నేను కర్వ్‌నే ఎంచుకుంటాను.