ఇద్దరు మనుషులు, ఒక వంటగది, ఒక ఫోన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నాలుగేళ్లలో ఫోన్‌తో తొమ్మిది షార్ట్ ఫిల్ములు తీశాను. అన్నింట్లోనూ ఇద్దరే మనుషులు, ఒకటే చోటు. పట్టుబట్టి పెట్టుకున్న నియమమేం కాదు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తే వచ్చేవాళ్లు ఇద్దరే దొరికారు, అద్దె అడక్కుండా ఇల్లిచ్చేది మా పిన్ని ఒక్కతే. ఆ తొమ్మిదింట్లో ఇప్పటికీ సిగ్గుపడకుండా చూడగలిగేవి మూడు. మిగతా ఆరింటినీ కథ రాసుకున్న రోజే చెడగొట్టుకున్నాను, షూటింగ్ దాకా కూడా పోనక్కర్లేదు. అందుకే ఈ సమీక్షలో ఫోన్ గురించి కొంచెమే ఉంటుంది, ఐడియాల గురించి ఎక్కువ.

ముందు పనికిరానివి. బస్టాపులో ఇద్దరు అపరిచితులు అనే ఐడియా కాగితం మీద చవగ్గా కనిపిస్తుంది. తీశాక తెలిసింది, ఒకరు మాట్లాడుతుంటే వెనక లారీ వెళ్తుంది, రెండోవాళ్లు జవాబిచ్చే షాట్‌లో ఆ లారీ చప్పుడు ఉండదు. ఆ రెండు ముక్కల్నీ అతికిస్తే మాట మాటకీ ఊరు మారినట్టుంటుంది. తర్వాత, "వాడు ఎప్పుడో చచ్చిపోయాడు" అని చివర్లో బయటపెట్టే ఐడియా. తెర మీద ఇద్దరే ఉండి, ఒకరు రెండోవాళ్లని ముట్టుకోకుండా, కాఫీ కప్పు కూడా అందుకోకుండా తిరుగుతుంటే ప్రేక్షకుడికి రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది. చివరి మలుపు మనకి మాత్రమే మలుపు.

అన్నిటికన్నా మోసం చేసింది మొగుడూ పెళ్లాల గొడవ. ఆరు పేజీల మాటలు, మంచి మాటలే అనుకున్నాను. ఇద్దరూ సోఫాలో కూర్చుని అరుచుకున్నారు. ఎడిటింగ్‌కి కూర్చుంటే నా దగ్గర ఉన్నవి రెండు మొహాలు, అంతే. చేతుల్లో పని లేదు, గదిలో ఏదీ మారలేదు, నిమిషం కత్తిరిద్దామంటే మధ్యలో వేయడానికి ఒక్క షాటూ లేదు. మా అమ్మకి చూపిస్తే మూడో నిమిషంలో స్టవ్ కట్టేసి వస్తానని లేచింది. ఆపమని కూడా అనలేదు.

అప్పట్నుంచీ ఐడియా తట్టగానే నేను చూసేది ఒకటే: వాళ్ల చేతుల్లో ఏముంది, అది సినిమా మొదటికీ చివరికీ మారుతుందా? రెండోది దాని వెంటే వస్తుంది, వాళ్లలో ఒకరు లేచి వెళ్లిపోకుండా ఏం ఆపుతోంది? ఈ రెండింటికీ జవాబున్న ఐడియా మామూలు నటుల చేతిలో కూడా నిలబడుతుంది. జవాబు లేనిదాన్ని నిలబెట్టాలంటే గొప్ప నటులు కావాలి. వాళ్లు మనకి ఆదివారం దొరకరు.

నిలబడిన మూడింట్లో ఒకదాన్ని విప్పి చెబుతాను. అమ్మ పోయాక అక్కాచెల్లెళ్లు వంటింటి సామాను పంచుకుంటున్నారు. నాలుగింటికి పాత సామాన్లవాడు వస్తాడు, ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేసి తాళం ఇచ్చెయ్యాలి. అక్కకి త్వరగా తేలిపోవాలి, చెల్లెలికి ఏదీ కదపడం ఇష్టం లేదు. మన ఇళ్లలో స్టీలు గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి కదా, ఎవరి పెళ్లికి ఎవరు చదివించారో. వాళ్లు ఒక్కో గిన్నె ఎత్తి పేరు చదువుతారు. "సుబ్బారావు బాబాయి వాళ్లది, నాకొద్దు, నువ్వు తీసుకో." "నాకు మాత్రం ఎందుకే?" ఇలాగే సాగుతుంది. అటక చివర కాగితంలో చుట్టి ఒక కొత్త గిన్నె దొరుకుతుంది. దాని మీద పద్మ అని చెల్లెలి పేరు, పక్కన ఆగిపోయిన పెళ్లి తేదీ. అక్క చదివి, చప్పుడు కాకుండా బోర్లించి, పాత సామాను గోనెసంచిలో పెడుతుంది. చెల్లెలు చూడనే చూసింది. "అది బయటికి తియ్యక్కా." అక్కడితో సరి. ఏడు నిమిషాలు.

ఇక్కడ కథని మాటలు మొయ్యక్కర్లేదు. అల్మైరా ఖాళీ అవుతుంటుంది, నేల మీద రెండు కుప్పలు పెరుగుతుంటాయి. నటి డైలాగ్ మర్చిపోయినా చేతిలో గిన్నె ఉంది, తిప్పి చూస్తుంది, ఆ మౌనం కూడా పనికొస్తుంది.

కానీ ఆ కుప్పలే నా మీదికి తిరగబడ్డాయి. అలవాటు ప్రకారం అక్క వైపు షాట్లన్నీ ఒకేసారి లాగేసి, మధ్యాహ్నం చెల్లెలి వైపుకి తిరుగుదామనుకున్నాను. మామూలు సీన్‌కి అది సరైన పద్ధతే, కెమెరా ఒక్కసారే జరుగుతుంది. ఈ కథలో మాత్రం వెనకున్న అల్మైరా చివరికి ఖాళీ అయిపోతుంది. చెల్లెలి వైపుకి తిరగాలంటే పేర్చిన గిన్నెలన్నీ మళ్లీ మొదటికి సర్దాలి, అదీ అదే వరసలో. మొదటి ఆదివారం అలా పాడైంది. రెండో ఆదివారం కథని మూడు దశలు చేశాను: నేల మీద నాలుగైదు గిన్నెలు, సగం ఖాళీ అల్మైరా, పూర్తి ఖాళీ. ఒక్కో దశలో ముందు ఇద్దరూ కనిపించే వైడ్, తర్వాత అక్క, తర్వాత చెల్లెలు, ఆఖర్న చేతులు, గిన్నెలు. దశ ముగిశాక రెండు కుప్పలకీ అదే ఫోన్‌తో ఫోటో తీసి ముందుకి వెళ్లాం. పొద్దున తొమ్మిదికి మొదలెట్టి, భోజనాలు పోను, నాలుగున్నరకి ముప్పైకి పైగా షాట్లు అయ్యాయి.

స్టీలుతో ఇంకో తంటా ఉంది, ప్రతి గిన్నెలోనూ ఫోనూ, దాని వెనక నేనూ కనిపిస్తాం. మొదటి రోజు ఫుటేజీలో నా పసుప్పచ్చ టీషర్టు పదకొండు గిన్నెల్లో ఉంది. నల్ల చొక్కా వేసుకుని, ఫోన్ స్టాండుకి నల్లగుడ్డ చుట్టి, గిన్నెని కొంచెం వంచి పట్టుకోమంటే చాలావరకు పోతుంది. కిటికీకి మా పిన్ని భర్తది పల్చటి తెల్ల పంచె కట్టాం. అది ఎండని మెత్తబరుస్తుంది, గిన్నెల మీద కళ్లు చెదిరే మెరుపు తగ్గుతుంది. సినిమావాళ్ల సామాను అద్దెకి తెచ్చే పని లేకపోయింది.

అసలు షాట్ పేరు కనిపించడం. చుక్కల అక్షరాలు కంటికి బాగానే కనిపిస్తాయి, ఫోన్‌లో స్టీలు మెరుపులో కలిసిపోతాయి. ఎదురుగా లైటు వేస్తే ఇంకా మాయం. కాటుక వేలితో ఆ చుక్కల్లోకి రుద్ది, పైన పొడిగుడ్డతో తుడిచేశాం, గుంటల్లో నలుపు నిలిచింది. టార్చి వెలుగుని గిన్నెకి పక్కగా, అంచుని తాకేలా పట్టుకుంటే "పద్మ" మూడడుగుల దూరం నుంచి కూడా చదవొచ్చు. మరీ దగ్గరికి మాత్రం వెళ్లకండి. కొన్ని ఫోన్లు దగ్గరికెళ్లగానే తమంతట తామే వెడల్పు లెన్సుకి మారతాయి, ఒకే షాట్‌లో రంగూ ఆకారమూ మారిపోతాయి. జానెడు వెనక్కి జరిగి 2x పెట్టుకోవడం నయం.

ఫోన్ సెట్టింగుల గురించి నేను పట్టించుకునేవి రెండే. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్ మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తూ షట్టర్ని తనకి తోచినట్టు మార్చుకుంటుంది, ట్యూబులైటు కింద అలా తీస్తే గోడ మీద పట్టీలు పాకుతుంటాయి. 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే ఆగిపోతాయి. ఫోన్‌లో ప్రో మోడ్ లేకపోతే Blackmagic Camera లాంటి ఉచిత యాప్‌లో పెట్టుకోవచ్చు. రెండోది, ఫోకస్, ఎక్స్‌పోజర్, రంగు మూడూ లాక్ చెయ్యాలి. ఐఫోన్‌లో తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే AE/AF LOCK అని వస్తుంది. రంగుకి మాత్రం సెట్టింగుల్లో Camera, Record Video కింద Lock White Balance పెట్టుకోవాలి, అది లేని ఫోన్లో మాన్యువల్ యాప్ కావాలి. లాక్ చెయ్యకపోతే మెరిసే పళ్లెం ఒకటి ఫ్రేములోకి రాగానే ఫోన్ కంగారుపడి మొహాలు నల్లబరుస్తుంది. మా ఐడియాలో నిమిషానికి ఐదు పళ్లేలు వస్తాయి.

ధ్వని దగ్గర ఈ ఐడియా వరమూ శాపమూ. ఖాళీ వంటిల్లు డబ్బాలా మోగుతుంది, అందుకని కెమెరాకి కనపడని గోడలకి బొంతలు వేలాడదీశాం. ఫ్యాను కట్టేశాం, మే నెలలో. ఫ్రిజ్ కూడా కట్టేశాం, మళ్లీ వెయ్యడం మర్చిపోకుండా నా బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంటికి పోవాలంటే ఫ్రిజ్ తెరవాల్సిందే కదా. గిన్నె కిందపెట్టిన ప్రతిసారీ చొక్కా మైకు పగిలిపోయేంత చప్పుడు వస్తుంది, అలా పగిలిన ధ్వనిని తర్వాత పూర్తిగా బాగుచెయ్యడం కష్టం. కాబట్టి మాటలున్న షాట్లలో గిన్నెల కింద తువ్వాలు పరిచాం. షూటింగ్ అయ్యాక ఒక అరగంట గిన్నెల చప్పుళ్లు విడిగా రికార్డు చేశాం: పేర్చడం, దొర్లడం, గోనెసంచిలో పడటం. ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దం కూడా ముప్పై సెకన్లు తీసుకున్నాం, మాటల మధ్య ఖాళీల్లో అతికించడానికి. పక్కింటి కుక్కరు విజిల్ మాత్రం ఒక టేకులో ఉండిపోయింది. ఉంచేశాను, వంటింటి కథే కదా.

లోపాలు చెప్పకపోతే సమీక్ష కాదు. ఈ రకం ఐడియా ఎనిమిది నిమిషాలు దాటితే నీళ్లు కలిపిన మజ్జిగే. మేం మొదట ఎడిట్ చేస్తే పన్నెండు నిమిషాలు వచ్చింది, గిన్నెలు పంచుకునే భాగం రెండోసారి వచ్చినట్టనిపించింది, ఐదు గిన్నెలు కథలోంచే తీసేశాను. ఇద్దరిలో ఒకరు సహజంగా చెయ్యలేకపోతే దాచడానికి చోటు లేదు, మూడో మనిషి షాట్‌కి మారదామంటే మూడో మనిషే లేడు. పైగా ఒకే గదిలో తీస్తాం కాబట్టి వెలుతురు తేడా వెంటనే దొరికిపోతుంది. మా చివరి దశ షాట్లలో నాలుగింటి ఎండ పసుపు తిరిగింది. సాయంత్రం అవుతోందన్న కథ కాబట్టి చెల్లింది. అదే ఐదు నిమిషాల్లో జరిగిపోయే కథయితే ఆ రోజు పనంతా పోయేదే.

మిగిలిన రెండూ ఇదే కొలతకి సరిపోయినవి. ఒకదాంట్లో తాత మనవడి చేత తన ఫోన్‌లో పాత నంబర్లు ఒక్కొక్కటే చెరిపిస్తాడు. ఇంకోదాంట్లో టైలరు మెషిన్ దగ్గర ఒకామె కూతురి పెళ్లి జాకెట్టు కుట్లు విప్పిస్తుంది, ఎందుకో చెప్పదు. రెండింట్లోనూ చేతుల్లో పనుంది, ఆ పని అయ్యేదాకా ఎవరూ కదలరు. ఫోన్ కథలో తెర మీద అక్షరాలు కెమెరాకి చాలా సతాయించాయి, జాకెట్టు కథ ఒక్క పూటలో అయిపోయింది.

పద్మ గిన్నె ఇప్పుడు మా పిన్ని ఇంట్లో ఉంది. కాటుక ఇంకా పోలేదు. పీతాంబరి వేసి తోమినా చుక్కల్లోంచి రావట్లేదని మొన్న ఫోన్ చేసి తిట్టింది.